అడగని ఉత్తరం

మా ట్రస్టులో కృతజ్ఞత ఏడాదికొకసారి తయారయ్యేది. రాయడం మాస్టారి పని, టైపు చేయడం నా పని, చదవకుండా పక్కన పెట్టడం దాతల పని. ఎవరి పని వాళ్లం నమ్మకంగా చేసుకుపోతుండగా ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

అప్పటికి నేను బీకాం పూర్తిచేసి, మంచి ఉద్యోగం వచ్చేదాకా అని చెప్పి ఆ ట్రస్టులో చేరాను. మంచి ఉద్యోగానికి నా అడ్రసు ఎవరూ ఇచ్చినట్టు లేరు. మండపేటలో ఒక ఎరువుల కొట్టు మీద రెండు గదులు మా ఆఫీసు. కింద నుంచి యూరియా వాసన, పైన మా సేవా వాసన. కొబ్బరి చెట్టు మీంచి పడి వెన్ను విరిగి మంచాన పడ్డవాళ్లని ఇళ్లకి వెళ్లి చూసుకోవడం మా పని. కోనసీమలో కాయ దింపేవాళ్లకి ఇది అరుదైన సంగతేమీ కాదు. ఆసుపత్రివాళ్లు ఆపరేషను చేసి, జాగ్రత్తగా చూసుకోమని చెప్పి ఇంటికి పంపుతారు. ఇంట్లోవాళ్లకి ఆ జాగ్రత్త ఏమిటో తెలియదు. స్పర్శ లేని ఒళ్లు ఒకే పక్కన గంటలకొద్దీ ఆనుకుని ఉంటే అక్కడ చర్మం చచ్చి పుండు పడుతుంది. ఆ పుండు ఎముకదాకా పోతుంది. అలాంటివాళ్లని చాలామందిని చివరికి చంపేది విరిగిన వెన్ను కాదు, ఆ పుండే.

దాన్ని ఆపడానికి మాకున్న సైన్యం ఒక నర్సు, ఒక స్కూటీ. ఆవిడని అందరం సిస్టర్ గారు అనేవాళ్లం. కార్యదర్శి మాస్టారు, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. మిగిలినదంతా నేను.

ఫోను చేసింది భీమవరం వైపు రొయ్యల చెరువుల ఆసామి. మా దాతల్లో అందరికన్నా పెద్ద చెయ్యి ఆయనది. ప్రతి ఉగాదికీ ఆయన పంపేదాంట్లోంచే సిస్టర్ గారి జీతం చాలావరకు వెళ్లేది. ఫోను చెవికి ఆనిస్తే వేడికి మెదడు కరుగుతుందని మాస్టారి నమ్మకం, కాబట్టి ఎప్పుడూ స్పీకరులోనే మాట్లాడతారు. అలా ఆ మాటలు నేనూ విన్నాను.

"మాస్టారూ, మీ ఉత్తరం అందిందండి."

"సంతోషమండి."

"సంతోషం మీకేనండి. మీ కవరు వచ్చిందంటే మా ఇంట్లో అన్నం సయించట్లేదు. థాంక్స్ చెబుతున్నారో బాకీ వసూలు చేస్తున్నారో తెలియట్లేదు. ఇంకొక్కసారి ఇలాంటిది వచ్చిందంటే ఇక మీకూ నాకూ సెలవండి."

మా జిల్లాల్లో మనిషిని గుమ్మం బయటికి గెంటేటప్పుడు కూడా అండి అనే గెంటుతాం. అందుకే మొదట అది బెదిరింపని నాకు తోచలేదు. మాస్టారి మొహం చూశాక తోచింది. ఆయన ఫోను బల్లమీద బోర్లించి, దాని మీద చెయ్యి పెట్టి, లోపలి మనిషి మళ్లీ లేస్తాడేమో అన్నట్టు కాసేపు అలాగే నొక్కి పట్టుకున్నారు.

ఆ రోజు సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. ఉగాది దాకా సిస్టర్ గారి జీతానికి ఇబ్బంది లేదు, ఆ తర్వాత ఆయన పంపకపోతే రౌండ్లు ఆగిపోతాయి. అంతే విషయం. నేను ఏదో జోకు వేయబోయాను. సిస్టర్ గారు నా వైపు చూశారు. జోకు గొంతులోనే దిగిపోయింది. ఆవిడ మనసులో ఏముందో నాకు తెలుసు. రావులపాలెం దాటాక గోదావరి పాయల మధ్య ఒక లంకలో ఉండే దింపు మనిషి. మా దగ్గరున్నవాళ్లందరిలో ఆయన పరిస్థితి అప్పుడే కాస్త తేరుకుంటోంది. వారానికి రెండుసార్లు ఆవిడ వెళ్లడం ఆగితే ఏమవుతుందో మేమంతా ఒకసారి చూశాం. వరద రోజుల్లో.

"మనం ఇంతవరకూ ఆయన డబ్బుతో ఏం జరిగిందో ఆయనకి చెప్పనేలేదు కదండి," అన్నారు సిస్టర్ గారు.

మాస్టారు ఒప్పుకోలేదు. ఏటా మూడు పేజీలు చెబుతున్నామన్నారు. నేను ఆ ఉత్తరం కాపీ తీసి, నీలం పెన్నూ ఎర్ర పెన్నూ బల్లమీద పెట్టాను. జరిగిన సంగతి చెప్పే వాక్యం కింద నీలం గీత, ఏదైనా అడిగే వాక్యం కింద ఎరుపు గీద్దామన్నాను. దాతృహృదయులైన తమకు శతకోటి వందనములు అనేదానికి ఏ రంగూ దొరకలేదు, వదిలేశాం. తర్వాత అంతా ఎరుపే. అభాగ్యుల ఆర్తనాదాలు ఎరుపు, అవసరాలు నానాటికీ పెరుగుతున్నాయి ఎరుపు, తమ సహాయ సహకారాలు ఇకముందు కూడా ఇతోధికంగా కొనసాగించ ప్రార్థన ఎరుపు, అదే ప్రార్థన మూడో పేజీలో మళ్లీ వస్తే మళ్లీ ఎరుపు. నీలం ఒకే ఒక్కచోట పడింది. అనేకమందికి సేవలందించాము అన్నచోట. అది కూడా, ఎంతమందికి, ఏం సేవ, దానివల్ల ఎవరికి ఏమైంది అని సిస్టర్ గారు అడిగాక నీలం మీద నేనే ఇంటూ కొట్టాల్సి వచ్చింది. కాగితం టమాటా పచ్చడి ఒలికినట్టు తయారైంది.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అడగందే అమ్మయినా పెట్టదురా," అన్నారు.

"పెట్టిన ముద్ద నోట్లో ఉండగానే మళ్లీ అడిగితే అమ్మయినా గరిటె తిరగేస్తుంది మాస్టారూ."

మాస్టారు నవ్వలేదు. ఆయన భయం నాకు తర్వాత అర్థమైంది. అడిగితే ఆసామికి కోపం. అడగకపోతే ఈయనకి అంతకన్నా భయం, మమ్మల్ని పూర్తిగా మరిచిపోతారని. ఇన్నేళ్లూ ఆ ప్రార్థన వాక్యమే తాడులా పట్టుకుని వేలాడుతున్నారు. దాన్ని వదలమని నేనంటున్నాను. నేనేమైనా చెట్టెక్కినవాణ్నా, పడ్డవాణ్నా.

ఆసామికి జరిగింది మాత్రమే చెప్పే కొత్త ఉత్తరం కోసం లంకకి వెళ్లాం. ఆ దింపు మనిషి కథ రాయాలంటే ఆయన ఒప్పుకోవాలి కదా. సిస్టర్ గారి స్కూటీ వెనక కూర్చుని కాజ్‌వే దాటుతుంటే నీళ్లు కిందే ఉన్నాయి, ఆవిడ మాత్రం రెండు పక్కలా చూస్తూ నడిపారు. వరదప్పుడు ఇదే కాజ్‌వే మునిగి రెండు వారాలు అవతలికి వెళ్లలేకపోయారు. ఫోనులో ఆయన భార్యకి కట్టు ఎలా మార్చాలో చెప్పేవారు. తర్వాత కరెంటు పోయింది, ఫోను ఛార్జింగూ పోయింది, పుండు మీద ఒత్తిడి పడకుండా మేం ఇచ్చిన గాలి పరుపు పంపూ ఆగింది. మేం చేరేసరికి మనిషికి జ్వరం, మానుతున్న పుండు మళ్లీ నోరు తెరిచి ఉంది. ఆసుపత్రిలో చేర్చాం. ఆ ఇంటికి వెళ్లిన ప్రతిసారీ గుమ్మంలో ముక్కు ముందు వెళ్లేది నాకు, వాసన వస్తోందా అని.

ఆ రోజు వాసన లేదు. ఆయన వాకిట్లో చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన కొబ్బరికాయల రాశి. ఊళ్లో వ్యాపారి పంపిన కాయల్ని ఒక్కోటి చెవి దగ్గర ఊపి, పరిమాణం చూసి వేరు చేస్తున్నాడు. మధ్యమధ్య రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి ఒంటిని మొత్తం పైకి లేపి కాసేపు పట్టుకుంటున్నాడు, కింద ఒత్తిడి పడకుండా. చెట్లెక్కిన చేతులు. ఆయన లేస్తుంటే కుర్చీయే కాస్త భయపడ్డట్టు కిర్రుమంది.

నన్ను చూసి, "ఏం అబ్బాయ్, ఈసారి ఫొటోకొచ్చారా?" అన్నాడు.

ఫొటో వద్దు బాబాయ్, పేరూ వద్దు, ఊరూ వద్దు, నీకేమైందో దాతకి రాస్తాం, నువ్వొప్పుకుంటేనే, అని చెప్పాను. పుండు ఎంతవరకు మానిందో చూసుకోవడానికి సిస్టర్ గారి ఫోనులో ఫొటోలుండేవి. అవి పంపుదామని మాస్టారు ఒకసారి అన్నారు, ఆవిడ వెంటనే ఫోను సంచిలో పెట్టేసుకున్నారు.

ఆయన ఆలోచించాడు. పాపం అనే మాట ఎక్కడా రాకూడదన్నాడు. సరేనన్నాను. రాశాక చదివి వినిపించాలన్నాడు. సరేనన్నాను.

"ఇంకోటి. జారి పడ్డానని రాయకు. చెట్టు తల మీద మొవ్వ దగ్గర పట్టుకున్న మట్ట విరిగింది. నేను జారే రకాన్ని కాదు."

"మట్ట విరిగిందనే రాస్తాను బాబాయ్."

తర్వాత గొంతు తగ్గించాడు. భార్య లోపల పొయ్యి దగ్గర ఉంది.

"మానిందని రాస్తే, ఇంకెందుకులే అని సిస్టరమ్మని ఆపేస్తారా?"

మానిందని రాస్తే పని అయిపోయిందనుకుంటారు. మానలేదని రాస్తే డబ్బు దండగైందనుకుంటారు. రెండు పక్కలా నీళ్లే ఉన్న కాజ్‌వే లాంటి ప్రశ్న అది. కొబ్బరికాయ ఒకటి తీసుకుని నేనూ చెవి దగ్గర ఊపాను. అందులో నీళ్ల చప్పుడు తప్ప సమాధానమేమీ వినపడలేదు.

సిస్టర్ గారు ఆయన్ని మంచం మీదికి మార్చి బోర్లా పడుకోబెట్టి చూశారు. నల్లటి ఒంటి మీద ఎరుపు కనపడదు, అందుకని వేళ్ల వెనకవైపు ఆనించి చూస్తారు, చుట్టూ ఉన్నదానికన్నా వేడిగా ఉందా, గట్టిగా ఉందా అని. పాత పుండు మానినచోట ఆవిడ చెయ్యి ముందుకు పోయింది. దానికి కాస్త పక్కన ఆగింది. మళ్లీ అక్కడే పెట్టారు. రెండో చెయ్యి కూడా తెచ్చి పోల్చి చూశారు.

కొంచెం వేడిగా ఉందని, ఇంకా చర్మం తెగలేదని, నాలుగు రోజులు కుర్చీ మానేసి పక్కలకే పడుకోవాలని ఆయన భార్యకి చెప్పారు. ఆమె గుమ్మం పట్టుకుని వింది. చెప్పడం అయిపోయినా ఆమె చెయ్యి గుమ్మాన్ని వదల్లేదు.

తిరిగొచ్చాక ఉత్తరం రాశాను. ఆసామి డబ్బుతోనే అంతా జరిగిందని రాస్తే ఆయనకి బాగుంటుంది, కానీ అబద్ధమవుతుంది, మిగతావాళ్లవీ కలిశాయి. ఎన్నిసార్లు వెళ్లామో రాస్తే మా కష్టం తెలుస్తుంది, కానీ ఎవరికి ఏం మారిందో తెలియదు. నాకొచ్చిన చమత్కారాలన్నీ తీసేశాను. చివరికి ఒక్క పేజీ మిగిలింది. నా జీవితంలో నేను రాసిన అతి చప్పటి రచన అదే:

"అయ్యా, నమస్కారం. పోయిన ఉగాదికి మీరు పంపిన డబ్బు, మరికొందరు ఇచ్చినదానితో కలిపి, మా నర్సు గారి జీతానికీ పెట్రోలుకీ ఒక గాలి పరుపుకీ ఖర్చయింది. దానివల్ల ఏం జరిగిందో చెప్పడానికి రాస్తున్నాం.

లంకలో ఉండే ఒకాయన, కొబ్బరి దింపుతుండగా మట్ట విరిగి పడ్డారు. నడుము కింద కదలిక లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన వీపు కింద పుండు అరచేయంత ఉంది. నర్సు గారు వారానికి రెండుసార్లు వెళ్లి కట్టు మార్చారు, రెండు గంటలకోసారి పక్కకి ఎలా తిప్పాలో ఆయన భార్యకి నేర్పారు. వానలు మొదలయ్యేసరికి పుండు రూపాయి బిళ్లంత అయింది. వరదలో కాజ్‌వే మునిగి రెండు వారాలు మేం వెళ్లలేకపోయాం. పుండు మళ్లీ పెరిగి జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చాం. తర్వాత మళ్లీ మొదటినుంచి చేశాం. కార్తీకానికి మానింది. ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని కాయలు ఏరే పని చేస్తున్నారు. ఈ వారం అదే చోటికి పక్కన చర్మం వేడిగా ఉందని కొద్ది రోజులు కూర్చోవద్దన్నాం. ఇది ఎప్పటికీ పూర్తిగా అయిపోయే పని కాదు.

అందరికీ ఇలా జరగలేదు. ఇద్దరికి పుండ్లు ఇంకా మానలేదు. ఒకాయన శ్రావణంలో పోయారు.

ఇది ఆయన అనుమతితో, ఆయనకి చదివి వినిపించాక పంపుతున్నాం. మీకు మా కృతజ్ఞతలు. దీనికి జవాబు అక్కర్లేదు."

లంకలో చదివి వినిపిస్తే ఆయన మట్ట దగ్గర తల ఊపాడు, మిగతాది పైకప్పు చూస్తూ విన్నాడు. పోయిన మనిషి గురించి రాసినచోట మాత్రం, ఎవరా అని అడిగాడు. సిస్టర్ గారు చెప్పకూడదన్నారు. "అయితే నా గురించి కూడా ఎవరికీ చెప్పరన్నమాట," అని కళ్లు మూసుకున్నాడు.

మాస్టారు ఉత్తరం చదివి వరద దగ్గర ఆగారు. ఇది తీసెయ్, మన అసమర్థత మనమే రాసుకుంటామా అన్నారు. శ్రావణం దగ్గర మళ్లీ ఆగారు. కాగితం చివరికొచ్చి, వెనక్కి తిప్పి చూశారు. ప్రార్థన వాక్యం వెనక పక్కన ఉందేమోనని.

"ఏమీ అడగలేదేంట్రా?"

"అదే కదండీ ఉత్తరం."

చాలాసేపటికి సంతకం పెట్టారు. తన చేత్తో ట్రస్టు మూసేస్తున్నట్టు ఉందన్నారు. తీసుకెళ్లాల్సింది నేనే. మా దగ్గర దాతలకి ఉత్తరాలు పోస్టులో వేయరు, అమర్యాద. మనిషి చేత్తో ఇవ్వాలి. ఆ చేతికున్న సంచిలో రసీదు పుస్తకం కూడా ఉంటుంది, అదీ మర్యాదే. అందుకే మా సంచి వీధి మలుపు తిరగ్గానే చాలా ఇళ్లలో అయ్యగారు పొలం వెళ్లిపోయేవారు. ఈసారి రసీదు పుస్తకం సంచిలోంచి తీసి బీరువాలో పెట్టాను. మాస్టారు మళ్లీ సంచిలో పెట్టారు. నేను మళ్లీ తీశాను. ఈ తతంగం బస్సు టైమయ్యేదాకా సాగింది. గెలిచింది నేనే.

తణుకులో బస్సు మారాను. అక్కణ్నుంచి సంచి ఒళ్లో పెట్టుకుని తల కిటికీ బయటే ఉంచాను. పక్కన కూర్చున్నావిడ నిమ్మకాయ వాసన చూడమని ఇచ్చింది. బస్సు పడట్లేదని ఆవిడ అనుకుంది. నాకు పడనిది ఉగాది.

ఆసామి ఇల్లు చెరువుల గట్టు పక్కనే. చుట్టూ చెరువులు, వాటిలో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరగకుండా నిలబడి ఉన్నాయి. అంత నిశ్శబ్దంగా ఉంటే హమ్మయ్య, ప్రశాంతమైన మనిషి అనుకున్నాను. అమ్మగారు నన్ను చూసి, నా సంచి చూసి, ఒక్క క్షణం తలుపు మూయాలా తీయాలా అని ఆలోచించి, వసారాలో కుర్చీ చూపించి లోపలికి వెళ్లారు. లోపల మెల్లగా మాటలు. మండపేటవాళ్లు అనే మాట వినపడింది. తర్వాత ఒక మగ నిట్టూర్పు.

ఆఖరిసారి చూసుకుందామని కవరులోంచి ఉత్తరం తీశాను. అప్పుడు కనపడింది.

అది మా లెటర్‌హెడ్. అడుగున, సన్నటి గీత కింద, మా బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, ఫోనుతో స్కాను చేసే నల్ల గళ్ల చదరం, దాని పక్కన మీ విరాళాలకు పన్ను మినహాయింపు కలదు. ప్రెస్సువాళ్లు విరాళంగా కట్టలు కట్టలు అచ్చేసి ఇచ్చిన కాగితం. రోజూ చూసీ చూసీ నా కంటికి అది కాగితంలో భాగమైపోయింది. ప్రతి వాక్యంలోంచీ అడగడాన్ని ఏరి పారేశాను, కాగితమే చెయ్యి చాపుకుని నిలబడింది. ఇంకొక్కసారి అన్నారు ఆయన. అదిగో, ఇంకొక్కసారి.

లోపల చెప్పుల చప్పుడు దగ్గరికొస్తోంది. గీత దగ్గర మడిచాను, గోటితో గీశాను, నాలికతో తడిపాను, చింపడం మొదలుపెట్టాను. సగం దాకా సరిగ్గానే వచ్చింది. తర్వాత కాగితం తన దారి తను చూసుకుని కృతజ్ఞతల వైపు మళ్లింది.

"ఏంటి చింపుతున్నావ్?"

గుమ్మంలో ఆయన. నా ఒళ్లో సగం చిరిగిన ఉత్తరం, చేతిలో బ్యాంకు ఖాతా. అబద్ధం ఆలోచించడానికి టైము లేదు. భయంలో మనిషి నిజం చెప్పేది మంచివాడై కాదు, ఇంకోటి తట్టక.

"ఇందులో డబ్బు మాట ఉండకూడదని రాశామండి. రాసిన కాగితం మీదే ఖాతా నంబరు ఉంది. ఇప్పుడే చూశాను. అందుకని."

ఆయన చెయ్యి చాపారు. ఇచ్చాను. రెండో ముక్క కూడా అన్నారు. అదీ ఇచ్చాను. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి, చిన్న ముక్కని జేబులో పెట్టుకున్నారు. పెద్ద ముక్క చదవడం మొదలుపెట్టారు. నేను ఆయన మొహం చూడలేక ఏరియేటర్ల వైపు చూశాను. ఒక కొంగ దాని మీద నిలబడి ఉంది.

చాలాసేపు చదివారు. వరద దగ్గర వేలు ఆగింది.

"పడవ కట్టించుకోలేకపోయారా?"

"ఆ ప్రవాహానికి పడవలు ఆపేశారండి."

"అవును, ఆపుతారు." మళ్లీ చదివారు. చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చారు. "ఈ వేడిగా ఉందన్న చోటు. ఇప్పుడెలా ఉంది?"

"తెలియదండి. ఈ పూట సిస్టర్ గారు అక్కడికే వెళ్లారు."

"ఫోను చెయ్."

చేశాను. స్పీకరు పెట్టమని ఆయన సైగ చేశారు. పెద్దమనుషులందరికీ ఆ నమ్మకమే ఉన్నట్టుంది. ఫోను మోగుతూనే ఉంది. గుమ్మంలోకి అమ్మగారు వచ్చి నిలబడ్డారు. మోగినంతసేపూ నాకు ఉగాదీ గుర్తురాలేదు, ఉద్యోగమూ గుర్తురాలేదు. లంకలో గుమ్మాన్ని పట్టుకున్న ఆ ఇల్లాలి చెయ్యి ఒక్కటే గుర్తొచ్చింది. పుండు లేచిందంటే ఈ కాగితంలో రాసిందంతా ఇక్కడే, వీళ్ల ముందే తిరగబడుతుంది. దానికన్నా పెద్ద సంగతి, లేచిందంటే లంకలో ఆయనకి నిజంగా లేచినట్టే.

సిస్టర్ గారు ఎత్తారు. ఎవరు వింటున్నారో చెప్పకుండా, ఆ చోటు ఎలా ఉందని అడిగాను.

"వేడి తగ్గింది. చర్మం మెత్తబడింది, తెగలేదు. ఎల్లుండి నుంచి కాసేపు కాసేపు కూర్చోబెడతాను," అన్నారు ఆవిడ. వెనక ఎవరో ఏదో అన్నారు. "కాయలు ఎవరో తప్పుగా ఏరుతున్నారట, తొందరగా కూర్చోబెట్టమని గొడవ చేస్తున్నారు."

ఫోను పెట్టేశాక ఆసామి కుర్చీలో కూర్చున్నారు. నిలబడి ఉన్నప్పటికన్నా చిన్నగా కనిపించారు.

"నువ్వు అడగలేదు కాబట్టి చెబుతున్నాను," అన్నారు. "ఈ ఏడు రొయ్యకి తెగులొచ్చింది. రెండు పంటలూ పోయాయి. చూశావుగా, ఒక్క ఏరియేటరు తిరగట్లేదు. మీ మాస్టారి ఉత్తరం వస్తే లేదని చెప్పలేక, అరిచాను. సగం ఇవ్వగలను. అంతకన్నా నావల్ల కాదు."

ఇదంతా నేను తలకిందులుగా చదివానని అప్పుడు తెలిసింది. మేం ఆయనకి భయపడి ఉత్తరం మారుస్తున్నాం, ఆయన మా ఉత్తరానికి భయపడి కవరు చూస్తేనే అన్నం మానేస్తున్నారు. కోపం అనుకున్నది ఖాళీ చెరువు. సగం అనే మాట గుండెలో రాయిలా పడింది, కానీ ఉగాదికి ఇంకా సమయం ఉంది, రాయి ఎక్కడ పడిందో కనీసం తెలిసింది.

అమ్మగారు కాఫీ తెచ్చారు. ఆ ఇంట్లో మా ట్రస్టుకి కాఫీ ఇవ్వడం అదే మొదటిసారని తర్వాత మాస్టారు చెప్పారు.

నేను బయల్దేరుతుంటే ఆయన చిరిగిన ఉత్తరం మడిచి కళ్లజోడు డబ్బాలో పెట్టుకుంటూ, ఆ చోటు మళ్లీ వేడెక్కితే రాయండి, తగ్గినా రాయండి అన్నారు. తెల్ల కాగితం మీద, అని కలిపారు.

మాస్టారికి సగం అని చెప్తే కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి, మిగతా దాతలకి కూడా తెల్ల కాగితాల మీద రాద్దామన్నారు. ఒక్కొక్కరికి వాళ్ల డబ్బు దేనికి పోయిందో అదే రాయాలి, ఎవరి కథ రాస్తే వాళ్లని అడిగి రాయాలి అన్నాను. ఆ సగం ఎవరి దగ్గరైనా దొరుకుతుందో లేదో అడగాల్సి వస్తే, అది వేరే రోజు, వేరే ఉత్తరంలో అడుగుదామన్నాను. రెండూ ఒకే కవరులో పెట్టం. మాస్టారు నా వైపు కొత్తగా చూశారు.

ఆ వారం లంకకి వెళ్తే ఆయన కుర్చీలో ఉన్నాడు. చేతులు ఆనించి ఒంటిని పైకి లేపి, అలాగే పట్టుకుని అడిగాడు.

"చదివాడా?"

"చదివారు బాబాయ్."

"ఏమన్నాడు?"

సగం అని చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. ఆయన చేతులు వణకడం మొదలైంది, కానీ దిగలేదు.

"ఆ చోటు ఎలా ఉందని అడిగారు. ఫోను చేయించి మరీ. సిస్టర్ గారి రౌండ్లకి సగం ఆయన ఇస్తానన్నారు. మిగతా సగం ఇంకా చూడాలి."

ఆయన మెల్లగా కిందికి దిగి కూర్చున్నాడు. ఒక కాయ తీసి ఊపి, చెవి దగ్గర చాలాసేపు పట్టుకున్నాడు.

"తగ్గిందని రాయి," అన్నాడు. "సగం భయమే మిగిలిందని కూడా రాయి."

తగ్గిందని రాశాను, సగం భయం మాట రాయలేదు. అది నేను ఉంచుకున్నాను.